కట్టుకున్న చోటే జుట్టు తెగడం

రబ్బరు బ్యాండు, క్లిప్పు, స్క్రంచీ, తలకు చుట్టిన తువ్వాలు రోజూ ఒకేచోట వెంట్రుకలను నొక్కి, వంచి, రాపిడి పెట్టడంతో అవి ఆ చోటే తెగిపోతాయి. ఇది జుట్టు రాలడం కాదు. రాలిన వెంట్రుకకు ఒక కొసన తెల్లటి చిన్న గుబ్బ ఉంటుంది. తెగిన ముక్కకు ఏ కొసనా అది కనిపించదు. కుదురు బాగానే ఉంటుంది కాబట్టి వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది. అయినా ఆ చోటు దాటకముందే మళ్లీ తెగుతుంది. జుట్టు ఎదగడం ఆగిపోయిందని చాలామంది అనుకునేది ఇందుకే.

వెంట్రుక పైన పొలుసుల పొర, లోపల కెరటిన్ పోగులు ఉంటాయి. బ్యాండు కింద పొలుసులు అరిగి లేచిపోతే లోపలి పోగులు బయటపడి విడిపోతాయి. అక్కడ కంటికి తెల్లటి చుక్కలా కనిపించే కణుపు ఏర్పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది రెండు కుంచెల కొసలను ఎదురెదురుగా ఒత్తిపెట్టినట్టు ఉంటుంది. వైద్యులు దీన్ని ట్రైకోరెక్సిస్ నోడోసా అంటారు. దువ్వెన కాస్త గట్టిగా తగిలినా వెంట్రుక ఆ కణుపు దగ్గరే తెగుతుంది.

తడి దీన్ని మరింత పెంచుతుంది. నీరు చేరినప్పుడు కెరటిన్‌లోని హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక ఉబ్బి, ఎక్కువగా సాగుతుంది, బలం తగ్గుతుంది. తలంటుకున్న వెంటనే బిగించి కట్టిన పోనీటెయిల్ ఆరేవరకు ఆ సాగిన స్థితిలోనే ఉంటుంది. తువ్వాలు విషయంలో చేటు మరోచోట. బరువైన టర్కీ తువ్వాలును నుదుటి దగ్గర మెలిపెట్టి బిగిస్తే తడి జుట్టు బరువు, తువ్వాలు బరువు కలిసి నుదుటి అంచున, మెడ వెనుక ఉండే సన్నటి వెంట్రుకల మీద పడతాయి. ముందువైపు పొట్టి వెంట్రుకలు లేచి నిలబడేవారు బ్యాండునే కాక తువ్వాలును కూడా అనుమానించాలి.

కారణం ఏదో తేల్చుకోవడానికి కొలిచి చూడటం మేలైన పద్ధతి. ఉదాహరణకు, ఏడాదిగా రోజూ ఒకే ఎత్తున పోనీటెయిల్ వేసుకునే అమ్మాయి జుట్టు విప్పి చూసుకుంది. పొట్టి వెంట్రుకలు నుదుటి దగ్గర 18 సెంటీమీటర్లు, నడినెత్తిన 8, వెనుక 4 ఉన్నాయి. పొంతన లేనట్టే కనిపిస్తాయి. కానీ జుట్టును మళ్లీ అదే ఎత్తున పోగుచేస్తే వాటి కొసలన్నీ బ్యాండు పడే చోటికే చేరతాయి. అంటే బ్యాండే కారణం. కాన్పు తర్వాతో, జ్వరం తర్వాతో రాలి మళ్లీ మొలిచిన జుట్టు ఇలా ఉండదు. అది తలంతా దాదాపు ఒకే పొడవున ఉంటుంది, కొసలు మొద్దుగా కాక సన్నగా తేలి ఉంటాయి.

ఏ వస్తువు వాడామన్న దానికంటే ఎంత బిగించామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. స్క్రంచీ వెడల్పైన బట్టతో ఒత్తిడిని పంచుతుంది. అదే జారిపోతోందని నాలుగు చుట్లు తిప్పితే సన్నటి బ్యాండుకీ దానికీ తేడా ఉండదు. చుట్టు తిరిగిన తీగలాంటి ప్లాస్టిక్ బ్యాండు వదులుగా ఉన్నంతవరకే మంచిది, లాగి తీస్తే వెంట్రుకలు దాని మెలికల్లో చిక్కుతాయి. బట్ట లేని రబ్బరు బ్యాండునూ, లోహపు అతుకు ఉన్న బ్యాండునూ వాడకపోవడమే మేలు. పళ్ల క్లిప్పును నిండు జుట్టు మీద కాక మెలితిప్పిన కొప్పు మీద పెడితే బరువు చాలా పళ్ల మీద సర్దుకుంటుంది. జడలో పూలు రోజూ ఒకే పాయకు పిన్నుతో గుచ్చేవారు పిన్ను చోటు మారుస్తుండాలి.

మెత్తని ప్రత్యామ్నాయాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. వదులుగా అల్లి, కొసన బట్ట రిబ్బన్ కట్టిన జడ కుదుళ్లను లాగదు. కొప్పుకు యు ఆకారపు పిన్నులు రెండు మూడు వైపుల నుంచి పెడితే దేనిమీదా మొత్తం బరువు పడదు. తలంటుకున్నాక పాత నూలు చీర ముక్కతో జుట్టును అద్ది, నీరు పీల్చాక మెలిపెట్టకుండా వీపు మీద వదిలేయాలి. బ్యాండు కింద వేలు దూరాలి, విప్పాక జుట్టులో నొక్కు పడకూడదు. ముడి వేసే ఎత్తును రోజూ మార్చితే ఒకే చోట అరుగుదల పేరుకోదు.

దెబ్బతిన్న వెంట్రుక మానదు. నూనె, కండిషనర్ రాపిడిని తగ్గిస్తాయే తప్ప విడిపోయిన పోగులను అతకవు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, పై అమ్మాయి ముందువైపు 18 సెంటీమీటర్ల వెంట్రుక 42కు చేరడానికి రెండేళ్లు పడుతుంది. నుదుటి అంచున పొట్టి వెంట్రుకలకు బదులు చర్మం బయటపడుతున్నా, నొప్పి, చీముపొక్కులు ఉన్నా అది కుదుళ్లు లాగబడటం వల్ల వచ్చే ట్రాక్షన్ అలోపీషియా కావచ్చు. చాలాకాలం సాగితే అక్కడ జుట్టు తిరిగి మొలవదు కాబట్టి చర్మ వైద్యులకు తొందరగా చూపించాలి.