పాఠశాల అథ్లెటిక్స్‌లో ప్రతిభాన్వేషణ

పాఠశాల అథ్లెటిక్స్‌లో ప్రతిభాన్వేషణ అంటే బడిపిల్లల పరుగు, దూకుడు, విసురుడు సామర్థ్యాలను పరీక్షించి, ముందుముందు మంచి క్రీడాకారులు కాగలవారిని గుర్తించే ప్రక్రియ. ఈ ఎంపికలో రెండు అంశాలు తరచుగా పొరపాటుకు దారితీస్తాయి. ఒకటి పుట్టిన నెల, రెండవది శరీరం త్వరగా ఎదగడం. ఈ రెండింటి వలన కలిగే తాత్కాలికమైన ఆధిక్యం ప్రతిభ వలె కనిపిస్తుంది. ఆ ఆధిక్యాన్ని ప్రతిభ నుండి వేరు చేసే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

## పుట్టిన నెల ప్రభావం

భారత పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలలో 14, 17, 19 సంవత్సరాల లోపు విభాగాలు ఉన్నాయి. వయసును లెక్కించడానికి జనవరి 1వ తేదీని హద్దుగా తీసుకుంటారు. అందువలన జనవరిలో పుట్టిన బాలుడు, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టిన బాలుడు ఒకే విభాగంలో పరుగెత్తుతారు. పదమూడేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా చిన్నది కాదు. 17 సంవత్సరాల లోపు విభాగంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందులో పద్నాలుగేళ్ళు నిండినవారు, పదహారు దాటినవారితో పోటీ పడవలసి వస్తుంది.

దీనిని సాపేక్ష వయో ప్రభావం అంటారు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లో ఐస్ హాకీ క్రీడాకారుల పుట్టిన నెలలను పరిశీలించి దీనిని వెల్లడించారు. జట్లలో సంవత్సరం మొదటి నెలలలో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారు. ఒకసారి ఎంపికైన పిల్లలకు మంచి శిక్షణ, ఎక్కువ పోటీలు లభిస్తాయి. కనుక మొదట్లో ఉన్న కొద్దిపాటి తేడా క్రమంగా నిజమైన తేడాగా మారుతుంది.

## త్వరిత పరిపక్వత ప్రభావం

ఒకే రోజున పుట్టిన ఇద్దరు పిల్లలు కూడా ఒకే వేగంతో ఎదగరు. ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ బాలికలకు సుమారు 12వ ఏట, బాలురకు సుమారు 14వ ఏట వస్తుంది. కొందరికి ఇది ఒకటి రెండు సంవత్సరాలు ముందుగాను, కొందరికి ఆలస్యంగాను వస్తుంది. ముందుగా ఎదిగిన బాలునికి పొడవైన కాళ్ళు, ఎక్కువ కండబలం ఉండటం వలన పరుగులోను, గుండు విసరడంలోను ముందుంటాడు. మిగిలినవారు ఎదిగిన తరువాత ఆ ఆధిక్యం చాలావరకు తగ్గిపోతుంది. బాలికల విషయం కొంత భిన్నం. ముందుగా ఎదిగినవారికి శరీర బరువు కూడా పెరుగుతుంది కాబట్టి, దూకుడు అంశాలలో ఆలస్యంగా ఎదిగేవారు తరువాత వారిని దాటిపోవచ్చు.

## సవరణ విధానం

పుట్టిన నెల ప్రభావాన్ని లెక్కతో సవరించవచ్చు. మైకేల్ రోమన్, స్టీఫెన్ కాబ్లీ 2015లో స్విట్జర్లాండ్ పిల్లల 60 మీటర్ల పరుగుపై ఇటువంటి సవరణను ప్రచురించారు. ముందుగా ఒకే పరీక్షలో పాల్గొన్న పిల్లలందరి వయసును రోజులలో లెక్కించి, వారి పరుగు సమయాలతో పోల్చాలి. దానినుండి ఒక సంవత్సరం వయసుకు సగటున ఎంత సమయం తగ్గుతున్నదో తెలుస్తుంది. బాలురకు, బాలికలకు ఈ లెక్క వేరువేరుగా చేయాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. డిసెంబరు 1న జరిగిన పరీక్షలో జనవరి 10న పుట్టిన బాలుడు 60 మీటర్లను 8.80 సెకన్లలో, అదే సంవత్సరం నవంబరు 20న పుట్టిన బాలుడు 9.00 సెకన్లలో పరుగెత్తారు. ఇద్దరి మధ్య వయసు తేడా 314 రోజులు. ఆ బృందంలో సంవత్సరానికి 0.30 సెకన్ల మెరుగుదల ఉన్నదని తేలితే, 314 రోజులకు 0.26 సెకను వస్తుంది. చిన్నవాని సమయాన్ని పెద్దవాని వయసుకు సవరిస్తే 8.74 సెకన్లు అవుతుంది. మొదటి జాబితాలో వెనుకబడిన బాలుడు సవరించిన జాబితాలో ముందుకు వస్తాడు.

పరిపక్వతను అంచనా వేయడానికి 2015లో మూర్, సహచరులు బాలుర కొరకు ఇచ్చిన సూత్రం ఇది:

పరిపక్వతా అంతరం = −7.999994 + 0.0036124 × (వయసు × ఎత్తు)

ఇక్కడ వయసు సంవత్సరాలలో, ఎత్తు సెంటీమీటర్లలో ఉండాలి. వచ్చిన ఫలితం, ఎత్తు వేగంగా పెరిగే దశకు ఎన్ని సంవత్సరాలు ముందు లేదా తరువాత ఉన్నారో తెలుపుతుంది. పై ఉదాహరణలో పెద్దవాని వయసు 13.89, ఎత్తు 165 సెం.మీ. అయితే ఫలితం +0.28. అనగా ఆ దశ దాటి మూడు నెలలకు పైగా అయింది. చిన్నవాని వయసు 13.03, ఎత్తు 147 సెం.మీ. అయితే ఫలితం −1.08. అతనికి ఆ దశ ఇంకా సంవత్సరం దూరంలో ఉంది. అయినప్పటికీ ఈ అంతరాన్ని పరుగు సమయం నుండి మరలా తీసివేయరాదు. వయసు సవరణలో పెరుగుదల కొంత కలిసే ఉన్నందున ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. దీనిని పేరు ప్రక్కన విడిగా వ్రాసి, ఆరు నెలల తరువాత మరలా పరీక్షించాలి.

## చూపు వలన కలిగే పొరపాటు

పట్టికలు లేకుండా కంటితో ఎంపిక చేసేచోట మరొక ఉపాయం ఉన్నది. 2017లో డేవిడ్ మాన్, వాన్ గినెకెన్ నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ ఎంపికదారులపై ఒక ప్రయోగం చేశారు. పుట్టిన తేదీలను కాగితంపై ఇచ్చినంత మాత్రాన వారి పక్షపాతం తగ్గలేదు. ఆటగాళ్ళ చొక్కాల అంకెలను వయసు క్రమంలో ఇచ్చి, ఆ సంగతి ముందే చెప్పినప్పుడు తగ్గింది. అథ్లెటిక్స్‌లో కూడా ఛాతీ అంకెలను ఇదే క్రమంలో ఇవ్వవచ్చు.

## విశాఖపట్నంలో

విశాఖపట్నంలో 1999 ఆగష్టు 28న జన్మించిన జ్యోతి యర్రాజి ప్రతిభను, ఆమె చదివిన పోర్ట్ హైస్కూల్‌లోని వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించారు. ఆమె ఎత్తు హర్డిల్స్ పరుగుకు అనువుగా ఉంటుందని ఆయన భావించారు. ఆమె 2023లో, 2025లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేతగా నిలిచింది. ఎత్తును చూసి ఎంచడం ఆమె విషయంలో ఫలించింది. అయితే బడిలో నేడు అందరికంటే పొడవుగా ఉన్న ప్రతివారూ పెద్దయ్యాక పొడవుగా ఉండరు. అందుచేత ఇప్పటి ఎత్తుతో పాటు తల్లిదండ్రుల ఎత్తును కూడా నమోదు చేయడం అవసరం.

రుషికొండ వంటి సముద్రతీర ప్రాంతంలో మరొక జాగ్రత్త తీసుకోవాలి. ఇసుకపై పాదం కూరుకుపోవడం వలన పరుగు నెమ్మదిస్తుంది. తడి ఇసుకకు, పొడి ఇసుకకు కూడా తేడా ఉంటుంది. కనుక తీరంలో తీసిన సమయాలను బడి మైదానంలో తీసిన వాటితో కలిపి ఒకే పట్టికలో వేస్తే, వయసు సవరణ లెక్క కూడా తప్పుతుంది.

## పరిమితులు

ఈ లెక్కలన్నీ పుట్టిన తేదీ సరైనదైతేనే పనికివస్తాయి. బడిలో చేర్చే సమయంలో అంచనాగా తేదీ వేసిన పిల్లల విషయంలో జనన ధ్రువపత్రాన్ని చూడాలి. ఒక బడి రిజిస్టరులో జూన్ నెల తేదీలు అసాధారణంగా ఎక్కువగా ఉంటే, అవి ప్రవేశ సమయంలో వేసినవేమోనని అనుమానించాలి.

వయసు నిర్ధారణకు వాడే టీడబ్ల్యూ3 పరీక్షలో ఎడమ చేయి, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. అది తెలిపేది ఎముకల పరిపక్వతనే గాని పుట్టిన తేదీని కాదు. త్వరగా ఎదిగిన బాలుడు నిజమైన ధ్రువపత్రం కలిగి ఉన్నప్పటికీ ఈ పరీక్షలో పెద్దవానిగా కనిపించవచ్చు.

మూర్ సూత్రం కూడా అంచనా మాత్రమే. అది కెనడా పిల్లల కొలతల నుండి రూపొందినది. చాలా ముందుగా లేదా చాలా ఆలస్యంగా ఎదిగేవారిని అది సగటు వైపుకు లాగుతుంది. అనగా సవరణ ఎవరికి ఎక్కువ అవసరమో వారి విషయంలోనే దాని పొరపాటు ఎక్కువ. ఈ కారణంగా సవరించిన జాబితాను అసలు జాబితా స్థానంలో పెట్టకుండా, రెండింటిలో దేనిలో ముందున్నా ఆ పిల్లలను తదుపరి పరీక్షకు పిలవడం ఉచితం.