వాఁడులోని అరసున్న, డెట్‌లోని బి

ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లవానికి తరచు మూడు వ్రాతలు ఎదురవుతవి. తెలుగులో ‘రామ’ అని వ్రాసినదానిని ‘రామ’ అనే చదువుతాడు. హిందీలో అవే అక్షరాలను ‘రామ్’ అని చదవాలి. కడపటి అకారం లోపిస్తుందన్న సూత్రం త్వరగానే వంటబడుతుంది. ఇంగ్లీషులో డి, ఇ, బి, టి అనే అక్షరాలను చూపి, అప్పు అనే అర్థంలో ‘డెట్’ అనమంటే మాత్రం ఏ సూత్రమూ తోడు రాదు. ధ్వనిని అంటిపెట్టుకొన్న వ్రాత లోతు తక్కువది. ధ్వనిని దాటి పదాల పుట్టుకను, చుట్టరికాన్ని చూపేది లోతైనది.

ఇంగ్లీషుకు ఈ లోతు రెండు దారుల వచ్చినది. వీరుడనే అర్థంగల ‘నైట్’ను కె, ఎన్, ఐ, జి, హెచ్, టి అని వ్రాస్తారు. పదునాలుగవ శతాబ్దిలో, చాసర్ కాలంలో, ఆ కకారం పలికేది; జి, హెచ్‌ల చోట హకారం వంటి ధ్వని వినిపించేది. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పినాడు. అచ్చు వ్రాతను బిగిస్తూ ఉండగానే నోరు మారిపోయినది. హకారం రాలి ఇకారం దీర్ఘమైనది, ఆ ఈకారం ఐకారమైనది, తరువాత కకారమూ పోయినది. డెట్ కథ వేరు. ఫ్రెంచినుండి వచ్చిన ఆ మాటలో బి పలుకు లేదు. లాటిన్ ‘డెబిటుమ్’ను జ్ఞప్తికి తెచ్చుటకై పండితులు దానిని చొప్పించినారు. ఇంగ్లీషు నోట అది ఎన్నడూ పలకలేదు.

మనకు నవ్వు రావచ్చును. మరి మన అరసున్న మాటేమిటి? ‘వాఁడు’ అని వ్రాసి ‘వాడు’ అనే చదివేవారం. పోయిన అనునాసికం ‘వాండ్రు’లో నిలిచే ఉన్నది, తమిళ ‘మూన్ఱు’ పక్కన ‘మూఁడు’ను పెట్టినా అదే కనబడుతుంది. ‘సైన్’లో మూగదైన జి ‘సిగ్నేచర్’లో పలికినట్లే ఇదీను. అయితే చెవికి అందని ఆ గుర్తును బడిపిల్లవాడు కంఠస్థం చేయవలసి వచ్చేది. వ్యావహారికవాదం నెగ్గినకొద్దీ అచ్చు దానిని విడిచినది. వ్యుత్పత్తి వెదకువారికి అది నష్టమే. నా తీర్పు మాత్రం పిల్లవాని పక్షమే. ఇంగ్లీషుకు ఆ విడుపు సాధ్యపడలేదు. దేశదేశాల ఉచ్చారణలు వేరైనప్పుడు ఎవరి నోటికి సరిపడ దిద్దాలి?

దీని ఫలం బడిలో తేలుతుంది. ఫిలిప్ సేమూర్ ప్రభృతులు 2003లో ప్రకటించిన పరిశీలనలో, మొదటి తరగతి చివర ఫిన్నిష్ పిల్లలు పరిచిత పదాలను దాదాపు అన్నిటినీ సరిగా చదివినారు. స్కాట్లండులో ఇంగ్లీషు నేర్చే పిల్లలు నూటికి 34 చదివినారు. అయినా లోతు తక్కువైన ప్రతి వ్రాతా సులభం కాదు. గుణింతాలతో, ఒత్తులతో మన అక్షరరూపాలు వందలకు చేరుతవి. వాటిని నేర్చుటకే ఏళ్లు పడుతుంది.

తప్పును వింటే భేదం తెలుస్తుంది. తెలుగులో తడబడే పిల్లవాడు ‘కృష్ణ’ను ‘కుష్ణ’ అని, లేని పదాన్ని పలుకుతాడు. ఇంగ్లీషులో తడబడేవాడు తొలి అక్షరం చూచి తనకు తెలిసిన మరొక పదాన్ని అంటాడు. మొదటివానికి కావలసినది ఒత్తుల, గుణింతాల అభ్యాసం. రెండవవానికి నైట్, లైట్, రైట్ అనే ఒకే కూర్పు గల పదాలను ఒకచోట చేర్చి చూపవలె. ఢిల్లీ తరగతిలో ఆ ఇద్దరూ ఒకే పిల్లవాడు కావచ్చును.