లాక్టేట్: కండరాల, గుండె ఇంధనం

లాక్టేట్ మూడు కార్బన్ల చిన్న అణువు. కణంలో గ్లూకోజు, లేదా నిల్వ ఉన్న గ్లైకోజెన్, మొదటి దశలో విడిపోయినప్పుడు ఇది తయారవుతుంది. ఆక్సిజన్ చాలనప్పుడు కండరం వదిలిపెట్టే వ్యర్థంగా దీన్ని చాలాకాలం పరిగణించారు. 1970ల నుంచి వచ్చిన ఆధారాలను బట్టి ఇది ఒక కణంలో పుట్టి మరో కణంలో ఖర్చయ్యే ఇంధనమని ఇప్పుడు ఎక్కువ మంది శరీరధర్మ శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. ఇంధనాన్ని వాడుకునే చోట్లలో ముఖ్యమైనవి గుండె, నెమ్మదిగా ముడుచుకునే కండర తంతువులు.

శక్తి లెక్క

ఒక గ్లూకోజు అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే కణానికి సుమారు 30 నుంచి 32 ఏటీపీ అణువులు దక్కుతాయి. అదే లాక్టేట్ దగ్గర ఆగిపోతే దక్కేవి 2 మాత్రమే. మిగిలిన శక్తి ఎక్కడికీ పోలేదు. అప్పుడు ఏర్పడిన రెండు లాక్టేట్ అణువుల్లోనే అది దాదాపు అంతా ఉంది. ఆక్సిజన్, మైటోకాండ్రియా ఉన్న కణం చేతికి లాక్టేట్ అందితే ఆ శక్తిని రాబట్టుకోగలదు. అందువల్ల దీన్ని వ్యర్థం అనడం శక్తి లెక్క ప్రకారమే నిలవదు.

పాత అభిప్రాయం ఎలా ఏర్పడింది

లాక్టిక్ ఆమ్లాన్ని పులిసిన పాల నుంచి 1780లో వేరుచేసింది స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే. వేటలో అలసి చనిపోయిన జింకల కండరాల్లో అది ఉందని బెర్జీలియస్ గుర్తించినట్టు చెబుతారు. ఆ పరిశీలన తేదీ కొన్ని చోట్ల 1807 అని, మరికొన్ని చోట్ల 1808 అని కనిపిస్తుంది.

నిర్ణాయకమైన ప్రయోగం 1907లో కేంబ్రిడ్జిలో జరిగింది. ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కాలి కండరాన్ని వేరుచేసి, ఆక్సిజన్ అందకుండా ముడుచుకునేలా చేశారు. లాక్టేట్ పేరుకుంది. ఆక్సిజన్ అందించగానే తగ్గింది. తరువాత మేయర్‌హాఫ్, హిల్ ఈ దారిలోనే పనిచేసి 1922 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. శ్రమ తర్వాత కోలుకునే సమయంలో లాక్టేట్‌లో సుమారు ఐదో వంతు మాత్రమే ఆక్సీకరణం చెందుతుందని, తక్కినది మళ్లీ గ్లైకోజెన్ అవుతుందని వారి లెక్క. పరుగు తర్వాత కొంతసేపు ఎక్కువగా శ్వాసించడాన్ని హిల్ ‘ఆక్సిజన్ అప్పు’గా వివరించాడు.

ఆ ప్రయోగాలలో కొలతలు సరైనవే. అయితే వేరుచేసిన కప్ప కండరంలో రక్తప్రసరణ లేదు. పుట్టిన లాక్టేట్ బయటకు పోయే దారి లేదు, దాన్ని అందుకునే మరో అవయవమూ లేదు. ప్రాణమున్న శరీరంలో పరిస్థితి వేరు. 1929లో కోరీ దంపతులు వివరించిన చక్రం, కండరం వదిలిన లాక్టేట్‌ను కాలేయం తిరిగి గ్లూకోజుగా మార్చడం, దీనికి ఒక మొదటి సూచన. ఆ చక్రంలో కూడా లాక్టేట్‌ను నేరుగా ఇంధనంగా చూడలేదు.

జాడ పట్టే ప్రయోగాలు

రక్తంలో లాక్టేట్ ఎంత ఉందో కొలిస్తే పుట్టుకకూ ఖర్చుకూ మధ్య మిగిలిన తేడా మాత్రమే తెలుస్తుంది. చెరువు మట్టం చూసి తూము గుండా ఎంత నీరు పారిందో చెప్పలేం. ఆ ప్రవాహాన్ని కొలవడానికి లాక్టేట్ అణువులోని కార్బన్‌కు రేడియోధార్మిక గుర్తు పెట్టవలసి వచ్చింది.

బర్క్‌లీలో జార్జ్ బ్రూక్స్ బృందం 1970ల్లో ఎలుకలను అలసిపోయే దాకా పరుగెత్తించి, గుర్తుపెట్టిన లాక్టేట్‌ను వాటికి ఎక్కించింది. పాత లెక్క నిజమైతే గుర్తులో ఎక్కువ భాగం గ్లైకోజెన్‌లో దొరకాలి. దొరికింది కొద్దిగానే. పెద్ద భాగం కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో బయటకు వచ్చింది, అంటే ఆ లాక్టేట్ ఇంధనంగా ఖర్చయింది. మనుషుల్లో జరిగిన తరువాతి పరిశీలనలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. విశ్రాంతిలో తొలగిపోయే లాక్టేట్‌లో సుమారు సగం, వ్యాయామంలో సుమారు నాలుగింట మూడు వంతులు ఆక్సీకరణానికే పోతున్నాయని సాధారణంగా పేర్కొంటారు.

ఇలా లాక్టేట్ ఒకచోట పుట్టి మరోచోట ఖర్చయ్యే పద్ధతికి బ్రూక్స్ ‘లాక్టేట్ షటిల్’ అని పేరుపెట్టాడు. ఈ ప్రతిపాదన సంవత్సరాన్ని 1984, 1985, 1986 అని వేర్వేరుగా ఇస్తారు. పనిచేస్తున్న కండరం లాక్టేట్‌ను పీల్చుకోగలదని స్టెయిన్స్‌బీ, వెల్ష్ 1966లోనే కుక్కలలో చూపారు కాబట్టి మూలభావన ఘనతను ఒకరికే ఇవ్వడం సబబు కాదు. దాన్ని మొత్తం శరీరానికి వర్తించే వ్యవస్థగా నిలబెట్టింది మాత్రం బ్రూక్సే అనవచ్చు. 1984లోనే కానెట్ తదితరులు కుక్క కండరంలో ఆక్సిజన్ తగినంత ఉన్నప్పుడూ లాక్టేట్ పుడుతోందని చూపారు. దాంతో ఆక్సిజన్ కొరతే ఏకైక కారణమన్న వాదన బలహీనపడింది.

కండరం నుంచి కండరానికి

వేగంగా ముడుచుకునే తంతువులలో గ్లైకోజెన్ త్వరగా విడిపోతుంది, మైటోకాండ్రియా తక్కువ. అక్కడ పుట్టిన లాక్టేట్ ఎంసీటీ4 అనే వాహక ప్రోటీను ద్వారా బయటకు వస్తుంది. పక్కనే ఉన్న నెమ్మది తంతువులు ఎంసీటీ1 ద్వారా దాన్ని లోపలికి తీసుకుంటాయి. లాక్టేట్ డీహైడ్రోజినేస్ దాన్ని పైరువేట్‌గా మారుస్తుంది, పైరువేట్ మైటోకాండ్రియాలో మండుతుంది. ఈ బదిలీ రక్తం ద్వారా దూరంగా ఉన్న కండరాలకూ సాగుతుంది. చేతులు, కాళ్లు కలిసి పనిచేసే స్కీయింగ్‌లో చేతులు వదిలిన లాక్టేట్‌ను కాళ్లు తీసుకుంటున్నట్టు వాన్ హాల్ బృందం 2003లో నివేదించింది.

400 మీటర్ల పరుగు దీనికి మంచి ఉదాహరణ. విశ్రాంతిలో లీటరు రక్తానికి సుమారు 1 మిల్లీమోల్ ఉండే లాక్టేట్, పోటీ ముగిసిన కొన్ని నిమిషాలకు 15 లేదా 20 దాకా చేరవచ్చు. అప్పుడు ఉత్పత్తి వాడకాన్ని మించిపోయింది. పరుగరి కూర్చుండిపోతే అది నెమ్మదిగా తగ్గుతుంది. తేలికగా నడిచినా, జాగింగ్ చేసినా ఇంకా త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే పనిచేస్తున్న నెమ్మది తంతువులూ గుండే దాన్ని ఖర్చుచేస్తాయి. దాదాపు గంటలో అది మామూలు స్థాయికి వస్తుంది కాబట్టి, మరుసటి రోజు కండరాల నొప్పికి లాక్టేట్ కారణమన్న నమ్మకానికి ఆధారం లేదు.

గుండెలో

గుండెకు ఎక్కువ శక్తి కొవ్వు ఆమ్లాల నుంచి వస్తుంది. లాక్టేట్ వాటా ధమని రక్తంలో దాని గాఢతను బట్టి మారుతుంది. విశ్రాంతిలో ఆ వాటా చిన్నదే. తీవ్ర వ్యాయామంలో గాఢత పెరిగినకొద్దీ గుండె తీసుకునేదీ పెరిగి, లాక్టేట్ ప్రధాన ఇంధనాల్లో ఒకటవుతుంది. గుండె కండరంలో మైటోకాండ్రియా దట్టంగా ఉండటం, ఎంసీటీ1 సమృద్ధిగా ఉండటం ఇందుకు అనుకూలిస్తాయి.

గుండె ఏం వాడుతోందో తెలుసుకునే పద్ధతి 1940ల్లో రిచర్డ్ బింగ్ పనితో స్థిరపడింది. గుండె కండరం నుంచి వచ్చే సిర రక్తం కరోనరీ సైనస్‌లో చేరుతుంది. అక్కడికి సన్నని గొట్టం పంపి, ఆ రక్తంలోని లాక్టేట్‌ను ధమని రక్తంతో పోలుస్తారు. సిర రక్తంలో తక్కువ ఉంటే గుండె తీసుకుంటున్నట్టు. ఎక్కువ ఉంటే వదులుతున్నట్టు, అది రక్తం చాలని గుండెకు సూచన. అయితే ఈ తేడా కూడా నికర లెక్కే. ఆరోగ్యవంతమైన గుండె కూడా ఒకవైపు లాక్టేట్‌ను తీసుకుంటూనే మరోవైపు కొంత వదులుతుందని 1980ల్లో గెర్ట్జ్ బృందం ఐసోటోపులతో చూపింది. కనుక నికర కొలత గుండె నిజంగా మండించిన లాక్టేట్‌ను తక్కువగా చూపిస్తుంది.

తేలని విషయాలు

లాక్టేట్ పైరువేట్‌గా మారేది కణద్రవ్యంలోనా, మైటోకాండ్రియాలోనా అన్నది వివాదం. మైటోకాండ్రియా లాక్టేట్‌ను నేరుగా వాడుతుందని బ్రూక్స్ బృందం వాదించగా, 2002లో రాస్ముసెన్, సాలిన్ బృందాలు వేర్వేరుగా దాన్ని వ్యతిరేకించాయి. తయారుచేసిన మైటోకాండ్రియా నమూనాలో కణద్రవ్యపు ఎంజైము ఎంత మిగిలిందన్నది ఈ తగాదాలో ఒక చిక్కు. మార్పు ఎక్కడ జరిగినా చివరకు మండేది మైటోకాండ్రియాలోనే కనుక, లాక్టేట్ ఇంధనమన్న నిర్ధారణ ఈ వివాదంపై ఆధారపడదు.

తీవ్ర శ్రమలో కండరం ఆమ్లపూరితం కావడానికి లాక్టేట్ తయారీయే కారణమా అన్నదీ 2004లో రాబర్గ్స్ తదితరుల వ్యాసం తర్వాత చర్చకు వచ్చింది. రెండూ ఒకేసారి పెరుగుతాయి, కానీ ఒకటి మరొకదానికి కారణమని అంతమాత్రాన తేలదు. ఆసుపత్రిలో కూడా ఈ జాగ్రత్త అవసరం. షాక్‌లో ఉన్న రోగి రక్తంలో లాక్టేట్ పెరగడం ప్రమాద సూచనే. కానీ ఆక్సిజన్ కొరతతో పాటు ఎడ్రినలిన్ ప్రభావం వల్ల ఉత్పత్తి పెరిగినా, కాలేయం దెబ్బతిని తొలగింపు తగ్గినా అదే అంకె కనిపించవచ్చు.