ఈగల మందు నుంచి రేటింగుల దాకా: ర్యాంకు పరీక్ష కథ

గత పాఠంలో మీరు టి-పరీక్షను నేర్చుకున్నారు. రెండు సమూహాల సగటుల మధ్య తేడాను తీసుకుని, దాన్ని ప్రామాణిక దోషంతో భాగించడమే అందులోని పని. అయితే మీ ప్రాజెక్టు నివేదికల్లో ఎక్కువగా కనిపించేవి ఎత్తులూ బరువులూ కావు, ‘బాగాలేదు’, ‘ఫరవాలేదు’, ‘బాగుంది’ వంటి రేటింగులు. వాటికి 1, 2, 3 అని అంకెలు వేసి, సగటు తీసి, టి-పరీక్ష చేసిన నివేదికలను నేను పరీక్షకుడిగా చాలా చూశాను. అక్కడ ఏ పరీక్ష చేయాలో తెలుసుకోవాలంటే, రెండు పరీక్షలూ ఏ పరిస్థితుల్లో పుట్టాయో ముందు చూడటం మంచిది.

టి-పరీక్ష 1908లో వచ్చింది. డబ్లిన్ నగరంలోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తున్న విలియం గాసెట్ దాన్ని ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ‘బయోమెట్రికా’ పత్రికలో ప్రచురించాడు. ఆయన ముందున్న సమస్య చిన్న ప్రతిరూపాలది. నాలుగైదు కొలతలతోనే ఒక నిర్ణయానికి రావలసి ఉంటే సగటును ఎంతవరకు నమ్మవచ్చు? దీనికి జవాబు కనుక్కోవడానికి ఆయన కొలతలు సామాన్య విభాజనం నుంచి, అంటే గంట ఆకారంలో ఉండే విభాజనం నుంచి వచ్చాయని అనుకున్నాడు. తన సూత్రాన్ని 3000 మంది నేరస్థుల ఎత్తులతో, మధ్యవేలి పొడవులతో సరిచూసుకున్నాడు. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోండి. ఎత్తు, వేలి పొడవు సెంటీమీటర్లలో కొలిచేవి. 10కీ 11కీ మధ్య ఉన్న సెంటీమీటరూ, 11కీ 12కీ మధ్య ఉన్న సెంటీమీటరూ ఒకటే. టి-పరీక్ష పుట్టింది అలాంటి అంకెల మధ్య.

ర్యాంకు పరీక్షను ఆచరణలోకి తెచ్చినవాడు ఫ్రాంక్ విల్‌కాక్సన్. ఈయన గణితశాస్త్రజ్ఞుడు కాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొంది, అమెరికన్ సయనమిడ్ కంపెనీలో కీటకనాశక మందుల మీద పనిచేసినవాడు. 1945లో ‘బయోమెట్రిక్స్ బులెటిన్’లో నాలుగు పేజీల వ్యాసం రాశాడు. కొలతలను పక్కనపెట్టి వాటి ర్యాంకులతోనే లెక్క చేస్తే, తేడా సార్థకమా కాదా అన్నది త్వరగా, ఉజ్జాయింపుగా తెలుస్తుందని అందులో చూపించాడు. గణన యంత్రాలు అరుదైన ఆ కాలంలో లెక్క సులువు కావడం చిన్న సంగతి కాదు. కానీ ఆ సులువు వెనక ఆయన అనుకున్న దానికంటే పెద్ద విషయం ఉందని తరువాత తేలింది.

ఆయన ఇచ్చిన ఉదాహరణనే చేసి చూద్దాం. రెండు రకాల ఈగల మందులను ఒక్కొక్కటి ఎనిమిదిసార్లు పరీక్షించి, ప్రతిసారీ నూటికి ఎన్ని ఈగలు చచ్చాయో రాసుకున్నారు.

మందు ‘ఎ’: 68, 68, 59, 72, 64, 67, 70, 74
మందు ‘బి’: 60, 67, 61, 62, 67, 63, 56, 58

మొత్తం 16 అంకెలనూ కలిపి చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టండి. 56కు 1వ ర్యాంకు, 58కి 2వ ర్యాంకు, అలా 74కు 16వ ర్యాంకు వస్తుంది. 67 మూడుసార్లు వచ్చింది. అవి 9, 10, 11 స్థానాలు కాబట్టి మూడింటికీ సగటు ర్యాంకు 10 ఇస్తాం. రెండు 68లకు 12.5 చొప్పున ఇస్తాం. ఇప్పుడు ‘బి’ ర్యాంకులను కూడండి: 4, 10, 5, 6, 10, 7, 1, 2. మొత్తం 45. ‘ఎ’ మొత్తం 91. రెండూ కలిపితే 136 రావాలి. 1 నుంచి 16 వరకు అంకెల మొత్తం అంతే కాబట్టి, కూడికలో తప్పు జరిగితే ఇక్కడే తెలిసిపోతుంది. మందుల్లో తేడా లేకపోతే రెండు మొత్తాలూ 68కి దగ్గరగా ఉండాలి. తేడా లేకుండానే ఒక మొత్తం 45కు, లేదా అంతకంటే కిందికి దిగే అవకాశం 100కు 2 కంటే తక్కువ. కాబట్టి ‘ఎ’ మందే మెరుగు.

ఇవే అంకెలకు టి-పరీక్ష చేస్తే? సగటులు 67.75, 61.75. టి విలువ 2.78. స్వాతంత్య్ర పరిమితులు 14 కాబట్టి 5 శాతం స్థాయిలో దాటవలసిన విలువ 2.145. టి-పరీక్ష కూడా ‘ఎ’ మందే మెరుగు అంటుంది. అంకెలు ఇంత సౌమ్యంగా ఉన్నప్పుడు రెండు పరీక్షలకూ తగాదా లేదు.

ఇప్పుడు మీరు ఒక్క అంకె మార్చండి. ‘ఎ’ వరుసలో చివరి 74 స్థానంలో 99 వచ్చిందనుకోండి. అంటే ‘ఎ’ మందు ఇంకా బాగా పనిచేసింది. సగటుల తేడా 6 నుంచి 9.125కు పెరిగింది. కానీ టి విలువ 2.78 నుంచి 2.04కు పడిపోయి, 2.145ను దాటలేకపోయింది. మంచి మందు మరింత మంచి ఫలితం ఇస్తే, తేడా సార్థకం కాదని పరీక్ష చెబుతోంది! కారణం తెలిస్తే వింత పోతుంది. దూరంగా పడిన ఆ ఒక్క అంకె లవంలో ఉన్న సగటును కొంచెం లాగింది, హారంలో ఉన్న ప్రామాణిక దోషాన్ని చాలా ఎక్కువగా లాగింది. ఒకవైపు తోక సాగిన విభాజనాల్లో, అంటే వైషమ్యం ఉన్నచోట, చిన్న ప్రతిరూపాలతో టి-పరీక్షకు జరిగేది ఇదే. ర్యాంకు పరీక్షలో మాత్రం 74 అయినా 99 అయినా అది 16వ ర్యాంకే. మొత్తం 45 కదలలేదు. ప్రవేశ పరీక్షలో మొదటి ర్యాంకు విద్యార్థికి రెండో ర్యాంకు విద్యార్థి కంటే అర మార్కు ఎక్కువ వచ్చిందో పది మార్కులు ఎక్కువ వచ్చాయో ర్యాంకు చెప్పదు కదా. ర్యాంకు పరీక్ష బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

రెండేళ్ల తరువాత, 1947లో, హెన్రీ మాన్, డోనాల్డ్ విట్నీ ఇదే పరీక్షను మరో రూపంలో ఇచ్చారు. ‘ఎ’ నుంచి ఒకటి, ‘బి’ నుంచి ఒకటి తీసుకుని జతలు కడితే 64 జతలు వస్తాయి. వాటిలో ‘బి’ గెలిచినవి ఎన్ని? సమానమైతే సగం గెలుపుగా లెక్కించాలి. జవాబు 9. మిగిలిన 55 ‘ఎ’వి. విల్‌కాక్సన్ 45లోంచి 1 నుంచి 8 వరకు అంకెల మొత్తం 36 తీసేస్తే వచ్చేదీ ఈ 9నే. సమూహాల పరిమాణాలు వేరైనా పనికివచ్చేలా వీరు పరీక్షను విస్తరించారు. ఫలితాన్ని ఇతరులకు చెప్పేటప్పుడు ఈ జతల భాషే మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఇక రేటింగుల సంగతి. రెన్సిస్ లైకర్ట్ 1932లో వైఖరులను కొలవడానికి ఐదు మెట్ల మాపనిని వాడాడు. ఎస్. ఎస్. స్టీవెన్స్ 1946లో ‘సైన్స్’ పత్రికలో మాపనులను వర్గీకరిస్తూ, మెట్ల మధ్య దూరాలు తెలియని క్రమసూచక మాపని మీద సగటు తీయడానికి ఆధారం లేదన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. ఫ్రెడరిక్ లార్డ్ 1953లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల చొక్కాల మీది నంబర్లకు సగటు కట్టే కథ ఒకటి రాసి, అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్కకు పట్టదు కదా అని ఎత్తిపొడిచాడు. చమత్కారం బాగుంది. కానీ అంకెలకు పట్టకపోయినా, ముగింపు రాసేవాళ్లకు పట్టాలి. ఎందుకో చూడండి.

రెండు పాఠ్యపుస్తకాలను చెరొక పదిమంది చదివి, ఐదు మెట్ల మీద రేటింగ్ ఇచ్చారని ఊహించండి. మొదటిదానికి 8 మంది 4, ఇద్దరు 3 ఇచ్చారు. రెండోదానికి నలుగురు 5, నలుగురు 3, ఇద్దరు 2 ఇచ్చారు. సగటులు 3.8, 3.6. మొదటి పుస్తకం పైన ఉంది. అయితే ‘అద్భుతం’ అన్న మెట్టుకు 5 వేయాలని ఎవరు చెప్పారు? ‘చాలా బాగుంది’ నుంచి ‘అద్భుతం’కు ఎక్కడం పెద్ద అడుగు అనుకుని 7 వేస్తే, రెండో పుస్తకం సగటు 4.4 అవుతుంది, మొదటిది 3.8 దగ్గరే ఉంటుంది. పాఠకులు ఎవరూ మనసు మార్చుకోలేదు, కానీ గెలుపు చేతులు మారింది. ర్యాంకు పరీక్షలో ఇలా జరగదు. వంద జతల్లో రెండో పుస్తకం గెలుపులు, సమానాలకు సగం కలిపి, 44. మెట్ల క్రమం మారనంతవరకు ఏ అంకెలు వేసినా అది 44 గానే ఉంటుంది. సమానంగా ఉంటే 50 రావాలి. 6 తేడా ఉంది కానీ, సమాన ర్యాంకులకు సవరణ చేసిన ప్రామాణిక దోషం సుమారు 12.6. కాబట్టి తేడా ఉందనడానికి ఆధారం లేదు. ఐదు మెట్ల రేటింగుల్లో సమాన ర్యాంకులు విపరీతంగా వస్తాయి గనుక, ఈ సవరణ లేని పాత పట్టికలను నేరుగా వాడకండి.

దూరాలను వదులుకున్నందుకు ఎంత నష్టపోతున్నాం అన్నది తరువాతి ప్రశ్న. మొదట్లో చాలామంది నష్టం ఎక్కువే అనుకున్నారు. కానీ విభాజనం సరిగ్గా గంట ఆకారంలో ఉన్నా, ర్యాంకు పరీక్ష సామర్థ్యం టి-పరీక్షతో పోలిస్తే సుమారు 95.5 శాతమని పెద్ద ప్రతిరూపాల లెక్కలో తేలింది. అంటే ర్యాంకు పరీక్షకు 1000 మంది కావలసిన చోట టి-పరీక్షకు 955 మంది చాలు, అంతే. ఒక విభాజనం మరొకదాని నుంచి జరిగినట్టు మాత్రమే ఉంటే, దాని ఆకారం ఏదైనా ఈ సామర్థ్యం 86.4 శాతం కంటే దిగదని హాడ్జెస్, లేమన్ 1956లో నిరూపించారు. తోకలు బరువుగా ఉన్నచోట అది 100 శాతాన్ని ఎంతగానో దాటవచ్చు కూడా.

అలాగని ప్రతిచోటా దీన్నే వాడమని నేను అనడం లేదు. ఒక్కొక్క సమూహంలో ముగ్గురే ఉంటే ర్యాంకులను పంచే విధానాలు 20 మాత్రమే. ‘ఎ’ మొత్తం పైనా ‘బి’ మొత్తం కిందా ఉన్నా, రెండు వైపులా కలిపి సంభావ్యత 0.10. అంతమందితో 5 శాతం స్థాయిని ఈ పరీక్ష ఎన్నటికీ అందుకోలేదు. మీకు తెలియవలసింది సగటే అయితే, ఉదాహరణకు ఒక్కో రోగికి అయ్యే సగటు ఖర్చు అయితే, అంకెలకు వైషమ్యం ఉన్నా ర్యాంకులు దానికి జవాబు చెప్పవు. ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. ర్యాంకు పరీక్ష రెండు మధ్యగతాలను పోలుస్తుందని రాస్తారు. రెండు విభాజనాలకూ ఒకే ఆకారం ఉన్నప్పుడే అలా చెప్పవచ్చు. లేనప్పుడు అది చెప్పేది జతల్లో ఎవరు ఎక్కువసార్లు గెలుస్తారన్నది మాత్రమే.

పైన చూసిన రెండు పుస్తకాలకే తిరిగి రండి. పరీక్ష తేడా కనిపించలేదన్నది. కానీ మొదటి పుస్తకం గురించి పాఠకులందరూ దాదాపు ఒకే మాట అన్నారు, రెండోదాని దగ్గర రెండుగా చీలిపోయారు. ఆ చీలిక టి విలువలోనూ లేదు, 44లోనూ లేదు. కాబట్టి మీ నివేదికలో పరీక్ష ఫలితానికి ముందు, ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో రెండు వరుసల చిన్న పట్టిక వేయండి. పరీక్షకుడు మొదట చదివేది దాన్నే.