గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్, ఆక్సిజన్ బంధం: భాస్వరం కొలతతో ముడిపడిన చరిత్ర

మావిలో తల్లి రక్తమూ శిశువు రక్తమూ కలవవు. వాటి మధ్యనున్న పలుచని పొరగుండా ఆక్సిజన్ అధిక పీడనం నుండి అల్ప పీడనం వైపుకు ప్రసరిస్తుంది. తల్లి ధమనిలో ఈ పీడనం 95 మి.మీ.కు అటూయిటూగా ఉంటే, మావి నుండి శిశువుకు రక్తాన్ని చేర్చే బొడ్డుసిరలో అది సుమారు 30 మాత్రమే. ఇంత తక్కువ పీడనంలో పెద్దల హిమోగ్లోబిన్ సగానికి కొంచెం ఎక్కువగా మాత్రమే నిండుతుంది. శిశువు హిమోగ్లోబిన్ మాత్రం దాదాపు మూడువంతులు నిండుతుంది. ఈ తేడాకు కారణాన్ని కనుగొనడానికి శాస్త్రజ్ఞులకు నలభై ఏళ్లు పట్టింది. ఆ అన్వేషణలో భీమవరంలో జన్మించిన ఒక తెలుగువాని కొలతపద్ధతికీ చోటుంది.

1927లో హగెట్ మేకలలో తల్లి రక్తాన్నీ పిండం రక్తాన్నీ పోల్చి చూశాడు. తరువాత కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ఈ పరిశీలనలను విస్తరించాడు. మానవ శిశువు రక్తం కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుందని 1930ల నాటికి స్పష్టమైంది. శిశువు హిమోగ్లోబిన్ స్వభావమే అంత అని అనుకోవడం సహజం. అయితే 1953లో అలెన్, వైమన్, స్మిత్ ఎర్రకణాల నుండి రెండు రకాల హిమోగ్లోబిన్‌లనూ వేరుచేసి, డయాలిసిస్ ద్వారా చిన్న అణువులను తొలగించి కొలవగా, వాటి మధ్య తేడా మాయమైంది! అంటే మానవునిలో ఈ తేడాకు మూలం హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, కణంలో దానితోపాటు ఉండే మరేదో పదార్థం కూడా. (గొర్రెల సంగతి వేరు. వాటి పిండపు హిమోగ్లోబిన్ స్వతహాగానే ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. కనుక జంతువులలో కనబడిన కారణాన్ని మానవునికి నేరుగా అన్వయించరాదు.)

ఆ పదార్థం 1925 నుండీ తెలిసినదే. ఆ ఏడాది గ్రీన్‌వాల్డ్ పంది రక్తం నుండి 2,3-డైఫాస్ఫోగ్లిసరేట్‌ను వేరుచేశాడు. అదే సంవత్సరం, అదే జీవరసాయన పత్రికలో, హార్వర్డ్‌లో పనిచేస్తున్న సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేటు ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలుస్తుంది. దానికి అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలి గాఢతే భాస్వరపు పరిమాణానికి కొలత. సేంద్రియ ఫాస్ఫేటులనైతే ముందుగా ఆమ్లంలో పూర్తిగా విచ్ఛిన్నం చేయాలి. సుబ్బారావు శిశువు రక్తంపై పనిచేయలేదు. ఆ గౌరవాన్ని ఆయనకు ఆపాదించడం చరిత్ర కాదు. అయితే 1959లో బార్ట్‌లెట్ ఎర్రకణాలలోని ఫాస్ఫేటులను స్తంభ వర్ణలేఖనంతో విడదీసినప్పుడు, ఒక్కొక్క భాగంలోని భాస్వరాన్ని కొలిచింది ఫిస్క్-సుబ్బారావు పద్ధతికి తాను చేసిన సవరణతోనే.

డైఫాస్ఫోగ్లిసరేట్ ఎర్రకణంలో దాదాపు హిమోగ్లోబిన్ అణువుకు ఒకటి చొప్పున ఉంటుంది. 1967లో బెనెష్ దంపతులు, వేరుగా చనుటిన్, కర్నిష్, ఇది హిమోగ్లోబిన్‌తో కలిసి దాని ఆక్సిజన్ పట్టును సడలిస్తుందని చూపారు. మరుసటి సంవత్సరం బాయర్, ఆయన సహచరులు ఈ సడలింపు శిశువు హిమోగ్లోబిన్‌లో చాలా తక్కువని కనుగొన్నారు. కారణం నిర్మాణంలో ఉంది. డైఫాస్ఫోగ్లిసరేట్ ఋణావేశం గల అణువు. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ మధ్య బోలులో, రెండు బీటా గొలుసుల ధనావేశ స్థానాల నడుమ అది కుదురుకొని, ఆ ఆక్సిజన్ లేని రూపాన్నే స్థిరపరుస్తుంది. అది అక్కడ కూర్చున్న తీరును 1972లో ఆర్నోన్ ఎక్స్‌కిరణాలతో చూపాడు. శిశువులో బీటాకు బదులు గామా గొలుసులుంటాయి. బీటా గొలుసులో 143వ స్థానంలో హిస్టిడిన్ ఉండగా, గామాలో అక్కడ ఆవేశం లేని సెరీన్ ఉంది. గొలుసుకు ఒకటి చొప్పున రెండు ధనావేశ స్థానాలు తగ్గడంతో ఆ అణువుకు అక్కడ పట్టు బలహీనమవుతుంది. దాని ఒత్తిడి తగ్గిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా నిలుపుకుంటుంది.

ఇందువల్ల కలిగే ప్రయోజనాన్ని ఒక గణనతో చూడవచ్చు. హిమోగ్లోబిన్ సగం నిండే పీడనం పెద్దలలో 27, శిశువులో 19.5 మి.మీ. అనుకొని, హిల్ సమీకరణాన్ని 2.7 ఘాతాంకంతో వాడుదాం. బొడ్డుసిరలో 30 మి.మీ. వద్ద శిశువు రక్తం 76 శాతం నిండుతుంది. అక్కడే పెద్దల రక్తమైతే 57 శాతమే. శరీరమంతా తిరిగి బొడ్డుధమనిలో 18 మి.మీ.కు దిగేసరికి శిశువు రక్తంలో 45 శాతం మిగులుతుంది. పెద్దల రక్తంలో మిగిలేది 25 శాతం. ఇక్కడొక విశేషముంది. ఈ రెండు పీడనాల మధ్య రెండూ విడిచిన ఆక్సిజన్ దాదాపు సమానం. అంటే శిశువు హిమోగ్లోబిన్ గట్టిగా పట్టుకుంటుందే గాని, కణజాలానికి ఇవ్వడంలో వెనుకబడదు. దానికి అదనంగా దక్కేది నిల్వ. ప్రసవవేళ గర్భాశయం సంకోచించి తల్లి రక్తప్రవాహం కొద్దిసేపు తగ్గినప్పుడు ఈ నిల్వ అక్కరకు వస్తుంది. మావిలో పీడనభేదం నిలిచి ఉండడానికీ ఇది తోడ్పడుతుంది, ఎందుకంటే బంధింపబడిన ఆక్సిజన్ పీడనాన్ని చూపదు.

అలాగని ఇది లేకపోతే శిశువు బ్రతకదని చెప్పరాదు. 1963లో న్యూజిలాండ్‌లో లైలీ మొదలుపెట్టిన గర్భాంతర రక్తమార్పిడిలో శిశువుకు ఎక్కించేది పెద్దల రక్తమే. పలుమార్లు ఎక్కించిన తరువాత శిశువులో అధికభాగం పెద్దల హిమోగ్లోబినే ఉన్నా, అటువంటి శిశువులు ఆరోగ్యంగా పుడుతున్నారు.