ఓవర్‌రైడ్

పాత ఇంగ్లిషులో ఓవర్‌రైడ్ అంటే గుర్రమెక్కి ఒక చోటును దాటిపోవడం. తర్వాత ఒకరి మాటను తోసిరాజనడం అయింది. కంట్రోల్ రూములో ఈ మాట మెత్తబడింది.

కంప్రెసర్ వేగం 80 శాతం కావాలని డిశ్చార్జ్ ప్రెజర్ కంట్రోలర్ అడుగుతుంది. సక్షన్ ప్రెజర్ కనీస హద్దుకు పడిపోతుంటే, దాని కంట్రోలర్ 65 చాలంటుంది. లో సెలెక్టర్ రెండింటిలో చిన్నదాన్నే పంపుతుంది. యంత్రం ట్రిప్ కాదు, నెమ్మదిస్తుంది. సక్షన్ కోలుకోగానే పగ్గాలు మళ్ళీ మొదటిదానికే.

చిక్కల్లా ఒకటే. ఖాళీగా ఉన్న కంట్రోలర్ లోలోపల 100కు ఎక్కి కూర్చుంటే, అవసరానికి దిగిరావడం ఆలస్యమవుతుంది. ట్రెండ్‌లో సక్షన్ గీత హద్దు కిందికి జారినా వేగం కదలకపోతే ముందు దీన్నే అనుమానించాలి. అందుకే సెలెక్టర్ ఎంచుకున్న విలువను రెండు కంట్రోలర్లకూ తిరిగి అందిస్తారు.