నదీ గర్భంలో ఇసుక తవ్వకం: కుంగే అడుగు, కదిలే వంతెన, ఇంకే ఊట

వరద ఏటా తెచ్చిపెట్టే ఇసుక కంటే ఎక్కువగా నది నుంచి తోడేయడమే మితిమీరిన ఇసుక తవ్వకం. దీనివల్ల మొదట జరిగేది ఒక్కటే. నది అడుగు కిందికి దిగిపోతుంది. వంతెనల పునాదులు బయటపడటం, గట్లు విరిగిపడటం, ఊళ్లలో బోర్లు ఎండిపోవడం, కాలువలకు నీరెక్కకపోవడం అన్నీ ఆ దిగుడు నుంచి పుట్టేవే. తవ్వినచోట గుంత కనిపిస్తుంది కాబట్టి నష్టం అక్కడికే పరిమితమని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు నష్టం గుంతకు దూరంగా, తరచుగా కొన్నేళ్ల తర్వాత బయటపడుతుంది.

అడుగు ఎలా కుంగుతుంది

పారే నదికి కొంత ఇసుకను మోసుకుపోయే శక్తి ఉంటుంది. పైనుంచి వచ్చే ఇసుక ఆ శక్తికి సరిపోయినంత కాలం అడుగు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. వరదలో కొంత కోసుకుపోయినా, వరద తగ్గేటప్పుడు మళ్లీ పూడుతుంది. రీచ్‌లో (గోదావరి జిల్లాల్లో ర్యాంపు అంటారు) పొక్లెయిన్లు దించి నాలుగైదు మీటర్ల లోతున గుంత పెడితే ఆ లెక్క తప్పుతుంది.

గుంతకు ఎగువ అంచు దగ్గర నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అక్కడ వాలు పెరిగి, వేగం పెరిగి, అంచు కోసుకుపోతుంది. కోసుకుపోయిన కొద్దీ ఆ అంచు వెనక్కి, అంటే ఎగువకు జరుగుతుంది. ప్రతి వరదకూ అది మరికొంత దూరం ప్రయాణిస్తుంది. గట్టి రాయో, ఆనకట్టో అడ్డుపడితే తప్ప ఆగదు. దారిలో ఒక వాగు నదిలో కలిసే చోటు వస్తే, వాగు అడుగు నది అడుగు కంటే ఎత్తులో మిగిలిపోతుంది. అప్పుడు వాగు కూడా తనను తాను కోసుకోవడం మొదలుపెడుతుంది. ఇసుక లారీ ఎన్నడూ తొక్కని వాగులో గట్లు కూలడానికి ఇదొక కారణం.

దిగువన జరిగేది వేరు. వచ్చే ఇసుకంతా గుంతలో పడి ఆగిపోతుంది. గుంత దాటిన నీటికి మోసే శక్తి ఉంటుంది, మోయడానికి ఇసుక ఉండదు. ఆ నీరు తన కింద ఉన్న అడుగునీ, పక్కనున్న గట్టునీ కోసి ఆ లోటు తీర్చుకుంటుంది. అంటే ఒక్క గుంత రెండు వైపులా నదిని తింటుంది.

ఆనకట్టల కింద ఈ నష్టం మరింత తీవ్రం. కృష్ణ తెచ్చే ఇసుకలో చాలాభాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లోనే నిలిచిపోతోంది. దిగువన ఇప్పుడు కనిపిస్తున్న ఇసుక మేటల్లో ఎక్కువభాగం పాత నిల్వ. అక్కడ తవ్వే ప్రతి లారీకీ బదులు పైనుంచి వస్తుందని లెక్క వేసుకోవడం పొరపాటు. పెద్ద ఉపనదులు కలిసే చోట్ల మాత్రమే కొత్త ఇసుక చెప్పుకోదగ్గంత చేరుతుంది. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. అడుగు కుంగిన ప్రతిచోటా దోషం తవ్వకానిదే కాదు, ఆనకట్టల వాటా కూడా ఉంటుంది. అయితే ఆనకట్ట వల్ల ఇప్పటికే ఇసుకకు ముఖం వాచిన నదిలో తవ్వకానికి అనుమతివ్వడం తెలిసి చేసే హాని.

వంతెన పునాది

మన నదుల మీది పెద్ద వంతెనల్లో చాలావాటికి బావి పునాదులుంటాయి. కాంక్రీటు బావిని ఇసుకలోకి దించి, దాని మీద స్తంభం లేపుతారు. చుట్టూ ఉన్న ఇసుక పట్టే దాన్ని వరద తోపుకు, గాలికి, రైలు బ్రేకుల ఊపుకు కదలకుండా నిలుపుతుంది. కాబట్టి ఇసుకలో ఎంత లోతు పట్టు ఉందన్నదే ప్రాణం.

ఒక ఊహా లెక్క చూద్దాం. బావి అడుగు, కట్టిన నాటి నది అడుగు నుంచి 12 మీటర్ల లోతున ఉందనుకోండి. స్తంభానికి తగిలిన వరద నీరు కిందికి మళ్లి, సుడి తిరిగి, దాని మొదట్లో గుంత చేస్తుంది. ఆ గుంత లోతు స్తంభం వెడల్పుకు సుమారు రెండింతల దాకా ఉండవచ్చు. వెడల్పు 3 మీటర్లయితే గుంత 6 మీటర్లు. వరద ఉధృతిలో కూడా ఇంకా 6 మీటర్ల పట్టు మిగులుతుంది. ఇప్పుడు తవ్వకం వల్ల నది అడుగు మొత్తం 4 మీటర్లు దిగిందనుకుందాం. సుడి గుంత కొత్త అడుగు నుంచి మొదలై అంతే లోతు పోతుంది. మిగిలే పట్టు 2 మీటర్లు. పక్కతోపును ఆపే ఇసుక బలం పట్టు లోతుకు వర్గంగా మారుతుంది. పట్టు మూడో వంతైతే బలం దాదాపు తొమ్మిదో వంతు. నాలుగు మీటర్ల ఇసుకే కదా అన్న మాట ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. వరద తగ్గగానే సుడి గుంత వదులు ఇసుకతో పూడిపోతుంది. వానలు వెలిసాక వచ్చి చూసే ఇంజనీరుకు స్తంభం మొదలు మామూలుగా కనిపిస్తుంది. ప్రమాదం ఉన్నది వరద నడుస్తున్న ఆ కొద్ది గంటల్లో. ఎవరూ దిగి చూడలేని సమయంలో.

ఈ వరుస అంతా నిజంగా జరిగిన చోటు పోర్చుగల్‌లోని డౌరో నది. ఎంత్రె ఉస్ రియుస్ దగ్గర 1887లో తెరిచిన హింట్జె రిబెయిరో వంతెన 2001 మార్చి 4 రాత్రి కూలింది. దాని మీద వెళ్తున్న ఒక బస్సు, మూడు కార్లు నదిలో పడి 59 మంది చనిపోయారు. చాలామంది శవాలు దొరకనే లేదు. కొన్ని సముద్రంలోకి కొట్టుకుపోయి స్పెయిన్ తీరంలో తేలాయి. ఆ చలికాలమంతా డౌరోకు వరద మీద వరద వచ్చింది. పడిపోయిన స్తంభం పునాది రాతి మీద కాక ఇసుక, గులకరాళ్ల పొర మీద ఉంది. ఆ నదిలో ఏళ్ల తరబడి ఇసుక తోడారు. ఎగువన ఆనకట్ట వచ్చి కొత్త ఇసుక రాక తగ్గింది. పునాది చుట్టూ కోత ఉందన్న సమాచారం 1980లలో నీటి అడుగున చేసిన పరిశీలనలోనే బయటపడింది. ఆ సమాచారం మీద తగిన చర్య జరగలేదు. ప్రజా పనుల మంత్రి జోర్జ్ కొయెల్యు వెంటనే రాజీనామా చేశారు. విచారణ సంఘం ఇసుక తవ్వకాన్నీ, వరదలనూ కలిపి కారణంగా చూపింది. తర్వాత నడిచిన కేసులో నిందితులైన ఇంజనీర్లు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇలాంటి కేసుల్లో నేరం రుజువు కావడం ఎందుకు కష్టమో ఊహించవచ్చు. తవ్వింది ఎందరో, తవ్వింది ఎన్నో ఏళ్లు, కూల్చింది మాత్రం వరద.

మన దేశంలోనూ దీన్ని గుర్తుచేసే ఘటన ఉంది. 2022 ఆగస్టు 20న పఠాన్‌కోట్ – జోగిందర్‌నగర్ నారోగేజ్ మార్గంలో చక్కీ నది రైల్వే వంతెన వరదలో కూలింది. ఆ నదిలో సాగిన అక్రమ తవ్వకాలే పునాదులను బలహీనపరిచాయన్న ఆరోపణలు అప్పుడు గట్టిగా వచ్చాయి.

ఊట

ఇసుక పొర నీళ్ల గిడ్డంగి. రేణువుల మధ్య ఖాళీల్లో ఉన్న నీటిలో, తోడితే బయటికొచ్చే భాగం ఇసుక మొత్తం పరిమాణంలో సుమారు 20 శాతం ఉంటుంది. ఒక చదరపు కిలోమీటరు మేర ఒక్క మీటరు మందం ఇసుక తీసేస్తే, 20 కోట్ల లీటర్ల నీరు నిలవగలిగే చోటు పోతుంది. తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున అది 10 వేల మందికి ఏడాది పాటు సరిపోయే నీరు. ఒక్క మీటరుకే ఇంత.

పోయేది నిల్వ ఒక్కటే అయితే నష్టం నది వరకే ఉండేది. కానీ ఒడ్డున ఉన్న పొలాల కింది భూగర్భ జలమూ నది మట్టాన్ని పట్టే నిలుస్తుంది. ఎండాకాలంలో నది పారడానికి ఆ నీరే మెల్లగా ఊటగా దిగుతుంది. నది అడుగు మూడు నాలుగు మీటర్లు కుంగితే, పక్క నేలలోని నీరు అంత కిందికి వేగంగా జారిపోతుంది. మే నెల దాకా ఆగాల్సిన నీరు ముందే ఖాళీ అవుతుంది. నదికి దగ్గరలో లోతు తక్కువ బావులు ముందు ఎండుతాయి. రైతు కొత్త బోరు వేస్తాడు, ఆ తర్వాత మరింత లోతున ఇంకోటి వేస్తాడు. నది గర్భంలో ఊట బావులు వేసుకుని మంచినీళ్లు తెచ్చుకునే పంచాయతీలకైతే పంపుకు నీరందని రోజు వస్తుంది. వడపోత కూడా తగ్గుతుంది. మందమైన ఇసుక గుండా దిగే నీరు తేటగా వస్తుంది. ఇసుక పోయి బంకమట్టి తేలితే నీరు ఇంకడమే మందగిస్తుంది. సముద్రానికి దగ్గరలో మరో ముప్పుంది. అడుగు లోతైతే పోటు సమయంలో ఉప్పునీరు నది వెంట మరింత లోపలికి ఎక్కి, పక్క ఊళ్ల బావుల్లోకీ చేరుతుంది. డెల్టాలో ఒకసారి ఉప్పెక్కిన పొర తిరిగి తీపి కావడానికి ఏళ్లు పడుతుంది.

గుర్తులు, నిబంధనలు

కుంగుదలను పసిగట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. వంతెన స్తంభం మీద పాత ఇసుక మట్టం వరకు ఒక రంగు, దాని కింద కొత్తగా బయటపడిన కాంక్రీటు ఇంకో రంగు ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఎత్తే దిగిన లోతు. బావి పునాది తల ఏడాది పొడవునా గాలిలో కనిపిస్తుంటే అది హెచ్చరిక. కాలువ తల నది నీటికి అందక పైన వేలాడటం, గట్టు చెట్ల వేర్లు బయటపడటం కూడా అంతే. నదీ కొలత కేంద్రాల లెక్కల్లో అదే ప్రవాహానికి నీటి మట్టం ఏటికేడు తగ్గుతూ కనబడితే ఇక అనుమానం ఉండదు.

తెలుగు నేల మీద నిబంధనలకు కొదవ లేదు. 2002 నాటి వాల్టా చట్టం కింద 2004లో వచ్చిన నియమాలు వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి, సాగునీటి బావులు ఉన్న చోటు నుంచి 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకాన్ని నిషేధించాయి. ఇసుక మందం 8 మీటర్లు దాటితేనే 2 మీటర్ల లోతు, 3 నుంచి 8 మీటర్లయితే ఒక్క మీటరు మాత్రమే తవ్వాలని హద్దులు పెట్టాయి. ఇవి సహేతుకమైన హద్దులే. లోపం ఏమిటంటే, ఇవి లోతును కొలుస్తాయి గానీ, ఏటా ఎంత తిరిగి చేరుతుందో కొలవవు. ఈ ఏడు 2 మీటర్లు, వచ్చే ఏడు మరో 2 మీటర్లు తీస్తే నియమం కాగితం మీద నిలిచే ఉంటుంది, నది కుంగిపోతుంది. అందుకే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నది అడ్డుకొలతలు తీసి, చేరిన దాని కంటే తక్కువే తవ్వనిచ్చే పద్ధతి అవసరం. 2020లో కేంద్రం విడుదల చేసిన ఇసుక మార్గదర్శకాలు ఈ కొలతలు అడుగుతున్నాయి.

ఇసుక రీచ్‌లకు ఆధారమయ్యే జిల్లా సర్వే నివేదిక ముసాయిదాను 21 రోజులు ప్రజల పరిశీలనకు ఉంచాలని 2016 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. మీ నది పేరు అందులో ఉంటే ఒక్కటి చూడండి: వానల ముందు, తర్వాత తీసిన కొలతలు నిజంగా ఉన్నాయా? లేకపోతే, ఆ 21 రోజుల్లోనే లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.